లోన్ కట్టేశాం సరే, ఈసీలో రెండో లైన్ పడిందా?

  మాట వినడం ఒకసారికి సరిపోదని, లెక్కలు మళ్లీ చూసుకోవాలని చాలామంది అడిగారు కాబట్టి ఈ ఎపిసోడ్ మాట మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాం.

నేను దోహాలో సైట్ సూపర్‌వైజర్‌ని. ఊరు జగిత్యాల దగ్గర. ఐటీఐ చదివి ఇటొచ్చినవాణ్ణి, లాయర్ని కాదు, బ్యాంకు మనిషిని కాదు. కాకపోతే 2024లో నా హౌస్ లోన్ నేనే క్లోజ్ చేసుకున్నాను, కాగితాలు నేనే తెచ్చుకున్నాను. ఆ తర్వాత క్యాంపులో నలుగురైదుగురికి పక్కన కూర్చుని లెటర్లు రాయించాను. దాంట్లో తెలిసిన సంగతులే ఇవి.

మనలో చాలామంది ఏమనుకుంటారంటే, ఆఖరి పైసా కట్టామంటే ఇల్లు మనదైపోయిందని. డబ్బు వరకు అది నిజం. కానీ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు మన ఇంటి మీద మూడు చోట్ల చెయ్యి వేసి ఉంటుంది. ఒకటి, మన అసలు దస్తావేజులు వాళ్ల బీరువాలో ఉంటాయి. రెండు, సెర్సాయ్ అని కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఒక రిజిస్ట్రీ ఉంది, దాంట్లో మన ఇల్లు తాకట్టులో ఉన్నట్టు బ్యాంకు ఎక్కించి ఉంటుంది. మూడు, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా లోన్లకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ‘డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్’ అని ఒక పత్రం రిజిస్టర్ చేయిస్తారు. కాగితాలు ఫలానా బ్యాంకులో పెట్టాను అని మనం రాసిచ్చే పత్రం అది. అది ఈసీలో ఒక లైనుగా కనిపిస్తుంది. డబ్బు కట్టడంతో ఈ మూడు చేతులూ వాటంతట అవే లేవవు. ఒక్కొక్కటీ విడిగా లేపించుకోవాలి.

ముందు డబ్బు సంగతి. ఇక్కడే గడియారం మొదలవుతుంది కాబట్టి దీన్ని గట్టిగా పట్టుకోవాలి.

లోన్ మూసేద్దామనుకున్నప్పుడు బ్యాంకును ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడగాలి. ఫలానా తేదీకి మొత్తం ఇంత కడితే ఖాతా సున్నా అవుతుంది అని చెప్పే కాగితం అది. దాని మీద తేదీ ముఖ్యం. అసలు మీద వడ్డీ రోజురోజుకీ పడుతుంది. నాకు మిగిలిన అసలు 3,86,400 రూపాయలు, వడ్డీ 9 శాతం. అంటే రోజుకు 95 రూపాయల చొప్పున పెరుగుతోంది. 2024 జూన్ 10వ తేదీకి స్టేట్‌మెంట్ తీసుకున్నాను. నాకు ఈఎంఐ 5వ తారీఖున పోతుంది. అది పోయాకే క్లోజ్ చేస్తే లెక్క తేటగా ఉంటుందని 10 పెట్టుకున్నాను.

ఇప్పుడు మన గల్ఫ్ వాళ్లకు వచ్చే చిక్కు చూడండి. ఎక్స్‌ఛేంజ్ నుంచి పంపిన డబ్బు ఒక్కోసారి అదే రోజు పడుతుంది, ఒక్కోసారి మధ్యలో సెలవు పడి రెండు మూడు రోజులు ఆగుతుంది. నా లెక్కలో మూడు రోజులు ఆలస్యమైతే 285 రూపాయలు తక్కువ పడ్డట్టే. 285 పెద్ద డబ్బు కాదు, కానీ కంప్యూటర్‌లో ఖాతా సున్నా కాదు. సున్నా కానంత కాలం లోన్ పూర్తిగా తీరినట్టు కాదు, కాగితాలు తిరిగి ఇవ్వాల్సిన గడువూ మొదలు కాదు. మా క్యాంపులో ఒక తమ్ముడికి ఇట్లాగే అయింది. మూడు వందల చిల్లర తక్కువ పడి నెలన్నర పాటు కాగితాల కోసం ఎదురుచూశాడు. తీరా చూస్తే ఖాతా ఇంకా తెరిచే ఉంది.

కాబట్టి డబ్బు ముందుగానే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి తెచ్చి పెట్టుకోండి. స్టేట్‌మెంట్ మీద ఉన్న తేదీ రోజున అక్కడి నుంచి లోన్ ఖాతాకు పంపండి. రెండు లక్షలు దాటితే ఆర్‌టీజీఎస్ ఉంటుంది, అది ఏ రోజైనా ఏ గంటైనా పనిచేస్తుంది. పంపిన మర్నాడు లోన్ ఖాతా స్టేట్‌మెంట్ తీసి బ్యాలెన్స్ సున్నా అని, స్టేటస్ క్లోజ్డ్ అని ఉందో లేదో చూడండి. ఆ పేజీ దాచిపెట్టండి. మీ గడువుకు అదే సాక్ష్యం. ఇంకొక మాట. సొంతానికి తీసుకున్న, వడ్డీ మారుతూ ఉండే హౌస్ లోన్‌కు, అంటే ఫ్లోటింగ్ రేటు లోన్‌కు, ముందుగా కట్టేసినందుకు జరిమానా వసూలు చేయకూడదు. స్టేట్‌మెంట్‌లో అలాంటి లైను ఉంటే కట్టకముందే అడగండి.

ఖాతా సున్నా అయ్యాక వచ్చేది నో డ్యూస్ సర్టిఫికెట్. దీన్ని తీసుకోగానే మడిచి జేబులో పెట్టుకోవద్దు, చదవండి. లోన్ నంబరు సరిగ్గా ఉండాలి. లోన్ మీద ఎన్ని పేర్లుంటే అన్ని పేర్లూ ఉండాలి. నా లోన్‌లో మా ఆవిడ కూడా ఉంది, కాబట్టి ఇద్దరి పేర్లూ రావాలి. ఏ తేదీన మూసేశారో ఉండాలి. బ్యాంకుకు ఇక ఏ బాకీ లేదు అన్న మాట ఉండాలి. కింద సంతకం, ముద్ర ఉండాలి. కొన్నిచోట్ల ‘మీ ఆఖరి వాయిదా అందింది’ అని ఒక ఉత్తరం ఇచ్చి పంపిస్తారు. అది రసీదు, నో డ్యూస్ కాదు. అలాగే క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని పడాలి, ‘సెటిల్డ్’ అని కాదు. సెటిల్డ్ అంటే కొంత తగ్గించి తీర్చుకున్నారని అర్థం. పూర్తిగా కట్టినవాళ్లకు ఆ మాట పడితే రేపు ఇంకో లోన్ దగ్గర ఇబ్బంది.

ఇక గడువు సంగతి. రిజర్వ్ బ్యాంక్ 2023 సెప్టెంబర్ 13న ఒక ఆదేశం ఇచ్చింది. 2023 డిసెంబర్ 1 నుంచి తిరిగి ఇవ్వాల్సిన కాగితాలన్నిటికీ అది వర్తిస్తుంది. సారాంశం ఇది. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు అసలు పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి. ఏ రిజిస్ట్రీలో తాకట్టు ఎక్కించినా అదీ ఆ 30 రోజుల్లోనే తీయించాలి. బ్యాంకు వైపు నుంచి ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు ఇవ్వాలి. పెద్ద బ్యాంకులే కాదు, సహకార బ్యాంకులు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు, మిగతా ఫైనాన్స్ కంపెనీలు అన్నీ దీని కిందికి వస్తాయి.

దాంట్లో మన లాంటివాళ్లకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. కాగితాలు ఎక్కడ తీసుకోవాలన్నది మన ఇష్టం కూడా చూడాలి. లోన్ నడిచిన బ్రాంచిలో తీసుకోవచ్చు, లేదంటే కాగితాలు ఉన్న వాళ్ల ఇంకో ఆఫీసులో తీసుకోవచ్చు. చాలా బ్యాంకుల్లో దస్తావేజులు బ్రాంచిలో ఉండవు, ఒక పెద్ద ఊళ్లో సెంట్రల్ స్టోర్‌లో ఉంటాయి. నావి హైదరాబాద్‌లో ఉన్నాయి. డబ్బు కట్టిన రోజే ఈమెయిల్ పెట్టాను, ‘నా పత్రాలు జగిత్యాల బ్రాంచికి తెప్పించండి, అక్కడే తీసుకుంటాను’ అని. అక్కణ్ణుంచి కదలడానికే రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఆ అడగడం మొదటి రోజే జరగాలి.

సెలవు లెక్క కూడా దీన్ని బట్టే వేసుకోవాలి. సెలవులో ఇంటికి వెళ్లాక డబ్బు కడితే, కాగితాలు వచ్చేసరికి మన టికెట్ తారీఖు వచ్చేస్తుంది. ఇక్కడి నుంచే ముందు డబ్బు కట్టి, మూడు వారాల తర్వాత ఇల్లు చేరేలా చూసుకోవాలి. నేను జూన్ 10న కట్టాను. నా 30 రోజుల గడువు జూలై 10. సెలవు జూలై 1 నుంచి 30 దాకా తీసుకున్నాను. గడువుకు ముందు పది రోజులు, తర్వాత ఇరవై రోజులు చేతిలో ఉన్నాయి. ఆ ఇరవై రోజులే నన్ను కాపాడాయి. ఎట్లా అంటే చెప్తాను.

జూలై 4న బ్రాంచి నుంచి ఫోన్ వచ్చింది, కాగితాలు వచ్చాయి, ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టి తీసుకెళ్లండి అని. నేను, మా ఆవిడ వెళ్లాం. నా చేతిలో ఒక పాత కాగితం ఉంది. లోన్ ఇచ్చినప్పుడు మనం ఏమేం కాగితాలు అప్పగించామో వరుసగా రాసి బ్యాంకు ఇచ్చే జాబితా అది. లిస్ట్ ఆఫ్ డాక్యుమెంట్స్ అంటారు. అది మీ దగ్గర లేకపోతే క్లోజ్ చేసేముందే బ్యాంకును కాపీ అడిగి తీసుకోండి. తర్వాత అడిగితే, కవర్‌లో ఉన్నవాటిని చూసి కొత్త జాబితా రాసిస్తారు. అప్పుడు ఏది పోయిందో మనకు తెలిసే దారి ఉండదు.

నా జాబితాలో తొమ్మిది వరుసలు ఉన్నాయి. 2011లో నేను ప్లాటు కొన్న సేల్ డీడ్. దానికి ముందు చేతులు మారిన 1996 దస్తావేజు, 2004 దస్తావేజు. వీటినే లింకు డాక్యుమెంట్లు అంటాం. లేఅవుట్ కాపీ. ఇల్లు కట్టడానికి మున్సిపాలిటీ ఇచ్చిన అనుమతి, ప్లాను. అప్పటి ఈసీ. పన్ను రసీదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేసిన డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ పత్రం. చివరగా, సెక్యూరిటీ కింద ఇచ్చిన నాలుగు ఖాళీ చెక్కులు.

కవర్ విప్పి ఒక్కొక్కటీ పేజీలు లెక్కపెట్టాను. మన సైట్‌లో సిమెంటు లారీ వస్తే బస్తాలు లెక్కపెట్టకుండా డెలివరీ నోట్ మీద సంతకం పెట్టం కదా, ఇదీ అంతే. అసలు దస్తావేజు అంటే ఏంటో కూడా చూడాలి. సంతకాలు, వేలిముద్రలు ఇంకుతో పడి ఉంటాయి. ప్రతి షీటు వెనుక సబ్‌రిజిస్ట్రార్ ముద్ర, డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, మొత్తం ఎన్ని షీట్లలో ఇది ఎన్నోది అన్నది ఉంటాయి. కలర్ జిరాక్స్ మొదటిచూపుకు అసలులాగే ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే, వేలితో తడిమితే ముద్ర ఎక్కడిదో తెలిసిపోతుంది.

ఎనిమిది సరిగ్గా ఉన్నాయి. 2004 లింకు డాక్యుమెంట్ లేదు. దాని బదులు ఒక జిరాక్స్ ఉంది.

ఆఫీసర్ సార్ మంచిగానే మాట్లాడాడు. ‘మీ పేరు మీద ఉన్న సేల్ డీడ్ వచ్చింది కదండీ, అదే ముఖ్యం. సంతకం పెట్టేయండి, మిగతాది దొరకగానే కొరియర్ చేస్తాం’ అన్నాడు. అతను పెట్టమన్న కాగితం మీద ‘నా పత్రాలన్నీ పూర్తిగా, మంచి స్థితిలో అందాయి’ అని అచ్చు వేసి ఉంది. ఆ మాట మీద సంతకం పడితే ఇక అడిగే హక్కు మన చేత్తో మనమే తీసేసుకున్నట్టు. నేను, ‘సార్, అందిన ఎనిమిదింటికీ రాసిస్తాను, అందని దానికి రాయలేను’ అన్నాను. మొదట ఒప్పుకోలేదు. ఫారం మార్చడానికి వీల్లేదన్నాడు. ఫారం అలాగే ఉంచి, నా సంతకం పైన చేత్తో రాశాను. ‘జాబితాలో 3వ నంబరు, 2004 నాటి అసలు సేల్ డీడ్ ఈ రోజు అందలేదు. మిగతా ఎనిమిది అందాయి.’ తేదీ వేసి, అతని ముద్ర, సంతకం వేయించుకుని, ఫోటో తీసుకున్నాను. బయటికొచ్చి గంటలోపే అదే మాట ఈమెయిల్‌లో బ్రాంచికి, పైన బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి పంపాను.

లింకు డాక్యుమెంట్ కోసం ఇంత పట్టు ఎందుకు అని అడుగుతారేమో. రేపు ఈ ఇల్లు అమ్మితే, కొనేవాడు లోన్ తీసుకుంటే, వాళ్ల బ్యాంకు లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే. ‘మీకు అమ్మినాయనకు ఎట్లా వచ్చింది? ఆ అసలు ఎక్కడ?’ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, నిజమే. కానీ అసలు ఎక్కడుందో చెప్పలేకపోతే, అది ఇంకెక్కడైనా తాకట్టులో ఉందేమో అన్న అనుమానం వస్తుంది. పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన, అఫిడవిట్ అంటారు. బేరం అక్కడే తగ్గుతుంది. మనం దోహాలో ఉంటాం, తిరిగేది ఇంటి దగ్గర మన ఆడవాళ్లు.

ఆ కాగితం వెతికే పని వాళ్లకు వదిలిపెట్టి, ఆలోపు నేను మూడో చెయ్యి లేపించే పనిలో పడ్డాను. అదే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పని.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఉంది. ఈసీలో బ్యాంకు తాకట్టు లైను ఎప్పటికీ చెరిగిపోదు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చరిత్ర. జరిగింది జరిగినట్టు ఉంటుంది. మనకు కావాల్సింది దాని కింద ఇంకో లైను పడటం, ఫలానా తేదీన బ్యాంకు దీన్ని విడుదల చేసింది అని. ఆ రెండో లైను పడాలంటే బ్యాంకు తరఫున అధికారం ఉన్న ఆఫీసరు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి రిలీజ్ పత్రం రిజిస్టర్ చేయాలి. నో డ్యూస్ సర్టిఫికెట్ చూపించినంత మాత్రాన సబ్‌రిజిస్ట్రార్ ఆ లైను వేయడు. అందుకే, కాగితాలు తెచ్చుకుని ఇంట్లో బీరువాలో పెట్టుకున్నవాళ్ల ఈసీ తీసినా చాలాచోట్ల మొదటి లైనే ఉంటుంది, రెండోది ఉండదు. అమ్మేరోజు బయటపడుతుంది. అప్పటికి ఆ బ్రాంచి ఇంకో బ్రాంచిలో కలిసిపోయి ఉండొచ్చు, ఆఫీసరు మారి ఉండొచ్చు.

నేను జూలై 4నే బ్రాంచిలో రిలీజ్ సంగతి కూడా రాతపూర్వకంగా అడిగాను. జూలై 8న ఆఫీసరు తన అధికార పత్రం, ఐడీ తీసుకుని వచ్చాడు. నేను నో డ్యూస్, పాత డిపాజిట్ పత్రం నంబరు తీసుకుని వెళ్లాను. రిలీజ్ పత్రంలో ఆ పాత నంబరు, సంవత్సరం సరిగ్గా పడ్డాయా అన్నది సంతకానికి ముందే చూసుకోండి. ఒక్క అంకె తప్పితే రెండో లైను మొదటి లైనుకు అతకదు. నాలుగు రోజుల తర్వాత ఈసీ తీశాను. రెండు లైన్లూ కనిపించాయి. తెలంగాణలో ఈసీ registration.telangana.gov.in లో ఫోన్‌లోనే చూసుకోవచ్చు, దీనికి ఇంటికి వెళ్లక్కర్లేదు. ఆంధ్రావాళ్లకూ వాళ్ల రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఉంటుంది.

సెర్సాయ్ వైపు పని మొత్తం బ్యాంకే ఆన్‌లైన్‌లో చేస్తుంది. మనం అడగాల్సింది, తాకట్టు తీరినట్టు నమోదు చేశాక వచ్చే ప్రింటు. మీ లోన్ పాతదై సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఏ పత్రమూ రిజిస్టర్ చేయకపోయి ఉంటే ఈసీలో మొదటి లైనే ఉండదు, రెండోది అక్కర్లేదు. అప్పుడు కూడా సెర్సాయ్ మాత్రం చూసుకోవాల్సిందే.

మళ్లీ నా లింకు డాక్యుమెంట్ దగ్గరికి వద్దాం. జూలై 10 దాటిపోయింది. ఫిర్యాదుల విభాగానికి రెండో ఈమెయిల్ పెట్టాను, గడువు ముగిసింది, ఆలస్యానికి కారణం రాతలో చెప్పండి అని. ఆ ఆదేశం ప్రకారం కారణం చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. జూలై 24న బ్రాంచి నుంచి ఫోన్. కాగితం దొరికింది. అదే నెలలో లోన్ తీసుకున్న ఇంకొకాయన కవర్‌లో కలిసిపోయిందట. వెళ్లి షీట్లు లెక్కపెట్టి, అప్పుడు ‘3వ నంబరు అందింది’ అని రాసి సంతకం పెట్టాను.

ఇప్పుడు లెక్క. జూలై 11 నుంచి 24 దాకా 14 రోజులు. రోజుకు 5,000 చొప్పున 70,000 రూపాయలు. ఇది అడుగుతూ లెటర్ పెట్టాను. మొదటి జవాబు లేదు అని వచ్చింది. కాగితం పోయిన కేసుల్లో బ్యాంకుకు మొత్తం 60 రోజులు ఉంటాయి, మీది ఆలోపే ఇచ్చేశాం అన్నారు.

ఆ 60 రోజుల మాట అబద్ధం కాదు, ఆదేశంలో ఉంది. కానీ అది దేనికి? అసలు పత్రం పోయినా, పాడైనా, దానికి నకలు, సర్టిఫైడ్ కాపీ తెచ్చిపెట్టే పని బ్యాంకుదే, ఆ ఖర్చూ బ్యాంకుదే. ఆ పని చేయడానికి ఇంకో 30 రోజులు ఇచ్చారు. నాకు ఎవరూ నకలు తెచ్చిపెట్టలేదు. పోయిందని ఎవరూ రాసివ్వలేదు. నేను తిరిగి రాసింది నాలుగు ముక్కలే. ‘నా పత్రం పోలేదు. మీ దగ్గరే ఇంకో కవర్‌లో ఉంది. పోయినట్టు మీరు నాకు ఎప్పుడూ తెలియజేయలేదు, నకలు కోసం ఏ దరఖాస్తూ చేయలేదు. కాబట్టి ఆ అదనపు 30 రోజులు దీనికి వర్తించవు.’ దానికి జూలై 4 నాటి నా రాతతో ఉన్న రసీదు ఫోటో, 24 నాటి రసీదు ఫోటో జత చేశాను. అప్పటికి నేను దోహా వచ్చేశాను. మూడు వారాల తర్వాత ఖాతాలో 70,000 పడింది. ఆ రెండు తారీఖులు బ్యాంకు ముద్రతో నా చేతిలో లేకపోతే ఈ వాదనకు కాళ్లుండేవి కావు.

ఒకవేళ బ్యాంకు కాదంటే, లేదా 30 రోజులైనా జవాబే ఇవ్వకపోతే, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. cms.rbi.org.in లో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, దోహా నుంచైనా, దుబాయ్ నుంచైనా. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అయితే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. నేరుగా అక్కడికి పోతే తిప్పి పంపిస్తారు. మీ లోన్ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీదైతే ఫిర్యాదు వెళ్లాల్సింది నేషనల్ హౌసింగ్ బ్యాంక్‌కు. మీ సాంక్షన్ లెటర్ పైన కంపెనీ పేరులో ‘హౌసింగ్ ఫైనాన్స్’ అని ఉందేమో చూసుకోండి. బ్యాంకు పేరుతోనే నడిచే కంపెనీలు కొన్ని ఉంటాయి, బోర్డు చూసి బ్యాంకే అనుకుంటాం.

సెలవు దొరకనివాళ్లు అడిగేది ఒకటే, నేను రాకుండా ఈ పని అవుతుందా అని. అవుతుంది, కాకపోతే ముందు నుంచి తయారీ కావాలి. చాలా బ్యాంకులు లోన్‌లో పేరున్న అందరూ రావాలంటాయి. రాలేనివాళ్ల తరఫున ఇంటి మనిషికి స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. ఆ ముసాయిదా బ్యాంకు వాళ్లకు ముందే ఈమెయిల్‌లో పంపి, ఇది చాలా అని అడగండి. దాంట్లో లోన్ నంబరు, ఇంటి నంబరు, సర్వే నంబరు ఉండాలి. మూడు పనులు పేరుపెట్టి రాయాలి: అసలు పత్రాలు తీసుకోవడం, రసీదు మీద సంతకం పెట్టడం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ పత్రానికి హాజరు కావడం. మూడోది మరిచిపోతే కాగితాలు ఇంటికొస్తాయి గానీ ఈసీ లైను ఆగిపోతుంది. ఇల్లు అమ్మే అధికారం మాత్రం దాంట్లో రాయొద్దు, ఈ పనికి అది అక్కర్లేదు.

దాన్ని ఇక్కడి మన ఎంబసీలో అధికారి ముందు సంతకం పెట్టి అటెస్ట్ చేయించాలి. స్కాన్ కాదు, అసలే ఇంటికి వెళ్లాలి. వస్తున్నవాళ్ల చేతికిచ్చినా, కొరియర్ చేసినా ఫరవాలేదు. ఇండియాలో అందిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ మూడు నెలలు దాటిపోయి పనికిరాకుండా పోయిన కాగితాలు నేను చూశాను. అందుకని డబ్బు కట్టే తారీఖు కంటే నెల ముందు ఈ పని మొదలుపెడితే రెండూ ఒకచోట కలుస్తాయి. ఇంటి మనిషికి పవర్ కాగితంతో పాటు ఆ తొమ్మిది వరుసల జాబితా కాపీ కూడా ఇవ్వండి. ‘అన్నీ లెక్కపెట్టి, అందనిది అందలేదని రాశాకే సంతకం పెట్టు’ అని ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పండి. బ్యాంకు కౌంటర్ దగ్గర మన ఆడవాళ్లను, ముసలివాళ్లను తొందరపెట్టడం తేలిక. ఆ సమయానికి మీరు వీడియో కాల్‌లో ఉంటే ఇంకా మంచిది.

చివరగా చిన్నవి రెండు. ఈఎంఐ ఖాతా నుంచి కోసుకునేందుకు ఇచ్చిన ఆటోమేటిక్ మాండేట్ రద్దయిందో లేదో వచ్చే నెల 5 దాటాక చూసుకోండి. లోన్‌తో పాటు జీవిత బీమా పాలసీ బ్యాంకు పేరు మీదికి రాసిచ్చి ఉంటే, దాన్నీ తిరిగి మీ పేరు మీదికి మార్పించుకోండి. లేకపోతే రేపు ఆ డబ్బు కుటుంబానికి రావడానికి పాత బ్యాంకు దగ్గర మళ్లీ కాగితం తేవాలి.

లోన్ ఎప్పుడో మూసేసినవాళ్లు కూడా ఈ వారం ఒక పని చేయండి. ఫోన్‌లో మీ ఇంటి ఈసీ తీయండి. బ్యాంకు పేరుతో మొదటి లైను ఉండి, దాని కింద విడుదల లైను లేకపోతే, మీ నో డ్యూస్ సర్టిఫికెట్ ఫోటో, పాత డిపాజిట్ పత్రం నంబరు జతచేసి బ్రాంచికి ఈ రోజే ఈమెయిల్ పెట్టండి. రాయడం రాకపోతే కింద కామెంట్‌లో అడగండి, ఖాళీ ఫార్మాట్ పంపిస్తాను. లోన్ నంబరు, ఇంటి నంబరు మాత్రం కామెంట్‌లో పెట్టకండి. ఉంటాను మరి.